గంజి కాగితం, సరేసు కాగితం

క్రీ.శ. 105లో త్సాయ్ లున్ చైనా చక్రవర్తికి చూపిన కాగితం చెట్టు బెరడు, పాత గుడ్డలు, చిరిగిన వలలతో చేసింది. అక్కడ రాసేది మెత్తని కుంచెతో కాబట్టి కాగితం సిరాను కొంత పీల్చినా పేచీ లేదు. 8వ శతాబ్దంలో ఈ విద్య సమర్‌ఖండ్, బాగ్దాద్‌లకు చేరాక రెల్లు కలం ఎదురైంది. గరుకు కాగితంపై దాని మొన చిక్కుకుంటుంది, సిరా పాకుతుంది. అందుకే అక్కడి పనివాళ్లు కాగితానికి గంజి పట్టించి, ఆరాక నున్నటి రాయితో రుద్దేవారు. కలం వెన్న మీద నడిచినట్టు జారేది.

అదే గంజి కాగితం ఐరోపాలో తేమకు చెడేది, పురుగు పట్టేది. ప్రభుత్వ పత్రాలు కాగితంపై రాయకూడదని సిసిలీ రాజు రెండో ఫ్రెడరిక్ 1231లో ఆజ్ఞే ఇచ్చాడు. ఆ శతాబ్దం చివరికల్లా ఇటలీలోని ఫాబ్రియానోలో తోలు ముక్కలు ఉడికించి తీసిన సరేసులో కాగితాన్ని ముంచడం మొదలైంది. ఈక కలం పదునును ఆ కాగితం తట్టుకుంది. అయితే ఎండలు ముదిరితే తొట్టిలోని సరేసు కుళ్లి కంపు కొడుతుంది.

అందమైన రాతకైతే నా ఓటు గంజికే. దస్తావేజు నిలవాలంటే మాత్రం సరేసే.