ముగింపు సరుకు అంచనా: స్థూల లాభ పద్ధతి, రిటైల్ పద్ధతి – బట్టల దుకాణంలో దీర్ఘకాలం వాడిన తరువాత సమీక్ష

విజయవాడలోని ఒక బట్టల దుకాణానికి చాలా ఏళ్లుగా నేను లెక్కలు చూస్తున్నాను. షాపు మూసి, అరల్లోని సరుకంతా దించి లెక్కపెట్టడం మార్చి 31న తప్పనిసరిగా జరుగుతుంది. ఏడాది మధ్యలో మరొకసారి జరిగితే అది అదనపు లాభమే. కానీ క్యాష్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకు ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతుంది కాబట్టి, లెక్కింపు లేని నెలల్లో ముగింపు సరుకు విలువను అంచనా వేయక తప్పదు. అందుకు స్థూల లాభ పద్ధతిని, రిటైల్ పద్ధతిని రెండింటినీ పక్కపక్కన వాడుతూ వచ్చాను. రెండూ పనికివచ్చేవే. అయితే ఆషాఢం తగ్గింపు అమ్మకాలు సాగిన కాలానికి వీటిలో ఒకదాని జవాబు నమ్మదగినది కాదు, రెండవదాని జవాబు ఒక షరతు మీద మాత్రమే నమ్మదగినది. ఈ సమీక్షలో ముఖ్యంగా ఆ షరతు గురించే చెప్పదలచుకున్నాను.

స్థూల లాభ పద్ధతికి కావలసినవి చాలా తక్కువ. ప్రారంభపు సరుకుకు నికర కొనుగోళ్లు, రవాణా ఖర్చు కలిపితే అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకు వ్యయం వస్తుంది. నికర అమ్మకాల నుంచి గత అనుభవం చెప్పే స్థూల లాభ శాతాన్ని తీసేస్తే అమ్మిన సరుకు వ్యయం తెలుస్తుంది. మొదటి మొత్తం నుంచి రెండవదాన్ని తీసివేయగా మిగిలినదే ముగింపు సరుకు. ఇందులో జాగ్రత్తగా చూడవలసినది శాతం దేని మీద లెక్కించారన్నది. యజమాని ‘నలభై శాతం వేసి అమ్ముతున్నాం’ అన్నప్పుడు ఆయన మాట కొన్న ధర మీద. అమ్మకం ధర మీద చూస్తే అది 40ని 140తో భాగించగా వచ్చే 28.57 శాతం మాత్రమే. ఈ తేడాను గమనించకుండా 40 శాతాన్ని నేరుగా అమ్మకాలకు వర్తింపజేస్తే, అమ్మిన సరుకు వ్యయం తగ్గి, ముగింపు సరుకు లేనంత పెరిగిపోతుంది.

రిటైల్ పద్ధతి అంతకంటే ఎక్కువ అడుగుతుంది. వచ్చిన ప్రతి సరుకుకూ కొన్న ధరతో పాటు ట్యాగు మీద వేసిన అమ్మకం ధర కూడా నమోదై ఉండాలి. ఆ తరువాత ధర పెంచినా, తగ్గించినా విడిగా రాయాలి. అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకు వ్యయాన్ని దాని అమ్మకం ధరల మొత్తంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ధరల మొత్తంలో నుంచి అమ్మకాలు, తగ్గింపులు, మామూలు తరుగు తీసివేయగా మిగిలిన దానిని ఆ నిష్పత్తితో గుణిస్తే ముగింపు సరుకు వ్యయం తెలుస్తుంది. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ఈ పద్ధతిని సౌలభ్యం కోసం వాడుకోనిస్తుంది కానీ, ఫలితం అసలు వ్యయానికి దగ్గరగా ఉండాలని షరతు పెడుతుంది. కాబట్టి ఏదో ఒక రోజు భౌతిక లెక్కింపుతో దీన్ని సరిచూసుకోవలసిందే.

ఏప్రిల్ 1 నుంచి జులై 31 వరకు ఉన్న ఒక కాలాన్ని తీసుకుంటాను. ఆ ఏడాది ఆషాఢం జులై చివరి వారంలో ముగిసింది, జులై 31 రాత్రి సరుకు లెక్కపెట్టాం. అంకెలను వీలైనంత వరకు లక్షలకు సవరించి చెబుతున్నాను, అన్నీ పన్ను తీసేసినవే. ప్రారంభపు సరుకు వ్యయం 60 లక్షలు, దాని ట్యాగు ధర 85 లక్షలు. కొనుగోళ్లు రవాణాతో కలిపి 94 లక్షలు, వాటి ట్యాగు ధర 132 లక్షలు. మధ్యలో కొన్ని పట్టుచీరల ధర పెంచడం వల్ల ట్యాగుల మొత్తానికి మరో 3 లక్షలు చేరాయి. అంటే 154 లక్షల వ్యయం గల సరుకు 220 లక్షల ధరతో అరల్లో ఉంది, నిష్పత్తి సరిగ్గా 70 శాతం. నాలుగు నెలల నికర అమ్మకాలు 120 లక్షలు. ఆషాఢం తగ్గింపులు 10 లక్షలు, మామూలు తరుగు, సిబ్బందికి ఇచ్చిన రాయితీ కలిపి 2 లక్షలు.

స్థూల లాభ పద్ధతిలో అంతకుముందు ఏడాది శాతమైన 28ని వాడితే అమ్మిన సరుకు వ్యయం 86.4 లక్షలు, ముగింపు సరుకు 67.6 లక్షలు. రిటైల్ పద్ధతిలో 220 నుంచి 120, 10, 2 తీసివేయగా 88 లక్షల ధర గల సరుకు మిగిలింది. అందులో 70 శాతం 61.6 లక్షలు. రెండింటి మధ్య తేడా 6 లక్షలు.

ఈ 6 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడటమే ఈ పోలిక వల్ల కలిగే అసలు ప్రయోజనం. రిటైల్ పద్ధతి ప్రకారం అమ్మిన సరుకు, తరుగు కలిపి వ్యయం 92.4 లక్షలు, అంటే ఆ నాలుగు నెలల స్థూల లాభం 27.6 లక్షలు, అమ్మకాల మీద 23 శాతం. గత ఏడాది 28 శాతం అనేది దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల కాలాలతో కలిసిన పన్నెండు నెలల సగటు. ఆషాఢం భారమంతా మోసే నాలుగు నెలలకు ఆ సగటును అంటగట్టడం వల్ల 5 శాతం అధికమైంది, 120 లక్షల మీద 5 శాతమే ఆ 6 లక్షలు. సరుకు విలువలో 25 శాతం మార్జిన్ పట్టే బ్యాంకుకు 67.6 లక్షలు చూపి ఉంటే, సరుకు మీద అప్పు తీసుకోగల పరిమితి, అంటే డ్రాయింగ్ పవర్, నాలుగున్నర లక్షలు ఎక్కువ వచ్చేది. అరల్లో లేని చీరల మీద అప్పు తీసుకున్నట్లయ్యేది. అందువల్ల ఆ నెలకు నేను రిటైల్ పద్ధతి అంకెనే పంపాను.

ఇక షరతు సంగతి. ఆషాఢంలో తగ్గింపును చాలావరకు ట్యాగు మీద మార్చి రాయరు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర శాతం కొట్టేస్తారు. అమ్మకాల ఖాతాలోకి తగ్గించిన మొత్తమే వెళుతుంది, సరుకు రిజిస్టరులో మాత్రం పాత ట్యాగు ధరే ఉండిపోతుంది. ఆ 10 లక్షల తగ్గింపు విడిగా నమోదు కాకపోతే 88కి బదులు 98 లక్షల సరుకు మిగిలినట్లు కనబడుతుంది, దాని 70 శాతం 68.6 లక్షలు. ఇది స్థూల లాభ పద్ధతి ఇచ్చిన 67.6కు ఎంత దగ్గరగా ఉందో గమనించండి. రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి బలపరచినట్లు కనిపిస్తాయి కానీ, రెండూ ఒకే కారణం వల్ల ఒకే దిక్కుకు తప్పుతున్నాయి. ఆషాఢం ఉన్న కాలానికి రెండు అంచనాలూ కలిశాయంటే ముందుగా తగ్గింపుల రిజిస్టరు తెరిచి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ పెట్టిన వారమైతే ఉచితంగా వెళ్లిన చీర పూర్తి ట్యాగు ధర తగ్గింపుల్లో చేరిందో లేదో ప్రత్యేకంగా చూడాలి, బిల్లులో దాని విలువ సున్నా కాబట్టి అది సులభంగా జారిపోతుంది.

పన్ను దగ్గర కూడా ఇంతటి ప్రమాదమే ఉంది. ట్యాగు మీది గరిష్ఠ ధరలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల ఖాతాలో ఉండదు. 5 శాతం పన్ను కలిసిన ట్యాగు ధరలను యథాతథంగా తీసుకుంటే 220 కాస్తా 231 అవుతుంది, నిష్పత్తి 66.67 శాతానికి తగ్గుతుంది. మిగతా అంకెలు మారకపోయినా ముగింపు సరుకు 66 లక్షలుగా తేలుతుంది. నిష్పత్తి తగ్గింది కాబట్టి సరుకు విలువ కూడా తగ్గుతుందని అనిపించవచ్చు, కానీ 4.4 లక్షలు పెరిగింది. మిగిలిన సరుకు ధర 88 నుంచి 99 లక్షలకు ఉబ్బడమే దీనికి కారణం.

లెక్కింపులో తేలిన అసలు విలువ, కొనుగోలు బిల్లుల ధరల ప్రకారం, 62.4 లక్షలు. రిటైల్ పద్ధతి అంచనా కంటే ఇది 80 వేలు ఎక్కువ. ఆ 80 వేలను వదిలేయవచ్చు కానీ, దాన్ని విప్పి చూస్తేనే ఈ పద్ధతి స్వభావం అర్థమవుతుంది. తగ్గింపు ధర వేసిన సరుకులో కొంత అమ్ముడుపోక మిగిలింది. దాని మీద వేసిన తగ్గింపు 2 లక్షలు, అన్నీ రెడీమేడ్ దుస్తులే. నిష్పత్తిలో తగ్గింపును కలపకుండా, మిగిలిన ధరలో నుంచి మాత్రం తీసివేసే ఈ విధానం ఆ సరుకు విలువను కావాలనే తక్కువగా చూపుతుంది. ధర పడిపోయిన సరుకును జాగ్రత్తగా విలువ కట్టాలన్నదే ఇందులోని ఉద్దేశం. నిష్పత్తిలో కూడా తగ్గింపును కలిపితే 154ని 210తో భాగించాలి, అప్పుడు ముగింపు సరుకు 64.5 లక్షలకు చేరుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ రెండింటిలో ఏది చేస్తున్నదో తెలుసుకోకుండా దాని నివేదికను వాడకూడదు.

రెండవ కారణం సరుకు కలబోత. పట్టుచీరల నిష్పత్తి 65.83 శాతం, రెడీమేడ్, మిగతా సరుకుది 75 శాతం, మొత్తానికి 70. ఆషాఢంలో కదిలింది ఎక్కువగా రెడీమేడ్. శ్రావణం పెళ్లిళ్ల కోసం, వరలక్ష్మీ వ్రతం కోసం తెచ్చిన పట్టుచీరలు ఇంకా అరల్లోనే ఉన్నాయి. మిగిలిన 88 లక్షల ధరలో 55 లక్షలు పట్టుదే. విభాగాల వారీగా గుణిస్తే 61.6కు బదులు 61 లక్షలకు కాస్త తక్కువ వస్తుంది. దానికి అమ్ముడుపోని రెడీమేడ్ మీది 2 లక్షల తగ్గింపులో 75 శాతం, అంటే లక్షన్నర, తిరిగి కలిపితే దాదాపు 62.46 లక్షలు. లెక్కింపుతో తేడా 6 వేలకు దిగింది. అప్పటి నుంచి పట్టుకు, రెడీమేడ్‌కు వేరువేరు నిష్పత్తులే వాడుతున్నాను. ఒకే నిష్పత్తితో నడిపే దుకాణాల్లో ఈ పద్ధతిని సగమే వాడుతున్నారని నేను భావిస్తాను.

ఇంత చెప్పినా స్థూల లాభ పద్ధతిని నేను వదులుకోలేదు. తగ్గింపులు లేని కార్తీకం వంటి నెలల్లో, అదే కాలానికి గత ఏడాదిలో వచ్చిన శాతాన్ని తీసుకుంటే, అది రిటైల్ పద్ధతికి చాలా దగ్గరగా వస్తుంది. అప్పుడు తేడా పెద్దగా కనిపిస్తే కొనుగోలు బిల్లు ఏదైనా నమోదు కాలేదా, సరుకు వాపసు రాయలేదా అని వెతకడానికి అది మంచి ఆధారం. అగ్ని ప్రమాదం జరిగినప్పుడైతే ఇదొక్కటే మిగులుతుంది. ట్యాగులు, రిజిస్టర్లు సరుకుతో పాటే కాలిపోయినా, కొనుగోళ్లు, అమ్మకాలు జీఎస్టీ రిటర్నుల్లోనూ బ్యాంకు ఖాతాలోనూ దొరుకుతాయి. సర్వేయరు ప్రమాద తేదీ వరకు వర్తకపు ఖాతా తయారుచేసి, నష్టపోయిన సరుకును ఈ పద్ధతిలోనే తేలుస్తారు. ఆ సమయంలో ఆషాఢం అమ్మకాలను మామూలు అమ్మకాల నుంచి విడదీసి చూపగలిగితే ప్రతి భాగానికీ దాని శాతమే పడుతుంది. అందుకే నెలనెలా తగ్గింపుల మొత్తాన్ని, ఆ నెలకు రిటైల్ పద్ధతి ఇచ్చిన స్థూల లాభ శాతాన్ని ఒక కాగితం మీద రాసి, దాని ప్రతిని దుకాణం బయట మా ఆడిటరు దగ్గర ఉంచుతున్నాను.