పల్చటి రింగు సీపీఎల్ ఫిల్టరు: అద్దానికి వంక లేదు, ఊడదీసుడే గండం

77 మిల్లీమీటర్ల స్లిమ్ సీపీఎల్ ఇది, అంటే కెమెరా లెన్సు ముందు బిగించి తిప్పుకునే పోలరైజర్ ఫిల్టరు. రెండేళ్ల పైమాటే వాడుతున్న. అద్దం గురించి అందరూ రాసిందే, నీటి మీద మెరుపు బాగానే కోస్తది. మొదట్లో నేనూ అదే చెప్పి తెలిసినోళ్లతో కొనిపించిన. ఇప్పుడు నా కోపమంతా దాని వెనక రింగు మీదే.

నాగార్జునసాగర్ దగ్గర ఎండలో నీళ్లు తీసినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. పొద్దు వాలినంక వెలుతురు తగ్గింది. ఈ ఫిల్టరు ఎట్లయినా ఒకటిన్నర స్టాపు వెలుతురు మింగుతది కాబట్టి తీసేద్దామంటే కదల్లేదు. ముందు రింగేమో తిప్పితే తిరుగుతనే ఉంది, మరలో ఉన్న వెనక రింగు మాత్రం రాయి లెక్క కూసుంది.

సీపీఎల్‌తో చిక్కే అది. లెన్సు మరలోకి ఎక్కేది వెనక రింగు, మనం తిప్పేది ముందు రింగు. స్లిమ్ పేరుతో వెనక రింగును ఎంత పల్చగా చేసిన్రంటే గోరు ఆనడానికే చోటు లేదు. పైగా మన దిక్కు ఎండాకాలం దుమ్ము, క్రషర్ల పొడి రెండు రింగుల సందులోకి పోయి గ్రీజును బంక చేస్తయి. అప్పుడు ముందు రింగుతో పాటు వెనకదీ ఇంతింత కదులుతది. ఊడి నీళ్లలో పడొద్దని అందరం బిగించే వైపే తిప్పుతం కదా, తిప్పినప్పుడల్లా మర ఇంకింత బిగుస్తది.

తెల్లారి నల్గొండలో ఒక స్టూడియోకు పోతే అక్కడి పిలగాడు పట్టకారు తీసిండు. "అన్నా, రెండు దిక్కుల గట్టిగ పట్టి ఒక్క తిప్పు తిప్పితే వస్తది" అన్నడు. వద్దన్న. ఎదురెదురుగా రెండు చోట్ల నొక్కితే పల్చటి రింగు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికొస్తది. నొక్కిన చోట అద్దం అంచు మీద ఒత్తిడి పడి పెచ్చు లేస్తది, ఉబ్బిన చోట మర ఇంకా గట్టిగా కరుస్తది. వేళ్లతో బలంగా పిసికినా ఇదే కథ. ఇంకొకాయన ఫ్రిజ్‌లో పెట్టమన్నడు. నా లెన్సు ముందు మర ప్లాస్టిక్‌ది. చల్లబడితే ప్లాస్టిక్ మామూలుగా అల్యూమినియం కంటే ఎక్కువే ముడుచుకుంటది, అంటే లోపలి రింగును ఇంకా పిండుతది. బయటికి తీసినంక అద్దాలకు చెమ్మ పట్టేది వేరే. మరలో నూనె వేసుడు అసలే వద్దు, సందుల్లోంచి పాకి అద్దం మీదికొస్తది.

ప్లాస్టిక్ ఫిల్టరు రెంచి నా దగ్గర ఉంది. యూవీ ఫిల్టరుకు బ్రహ్మాండంగా పనిచేస్తది. దీనికి మాత్రం ముందు రింగునే పట్టుకుని ఊరికే తిరిగింది. రబ్బరు షీటు పరిచి దాని మీద బోర్లా ఒత్తి తిప్పే ఉపాయం కూడా అందుకే ఇక్కడ నడవదు.

చివరికి పని చేసింది పాత సైకిల్ ట్యూబు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, కొంచెం సాగదీసి వెనక రింగు చుట్టూ చుట్టిన. అది ముందు రింగుకు గానీ లెన్సు అంచుకు గానీ తగలొద్దు, తగిలితే రెండింటినీ కలిపి పట్టేస్తది. కెమెరా నుంచి లెన్సు తీసి వెనక మూత పెట్టిన. ఎడమ చేత్తో జూమ్ రింగును కాకుండా మరకు ఆనుకుని ఉన్న ముందు భాగాన్ని పట్టుకున్న, లేకుంటే ఆ మెలి అంతా లోపలి జూమ్ మెకానిజం మీద పడతది. కుడి చేతి అయిదు వేళ్ల కొసలు పట్టీ చుట్టూ సమంగా ఆనించి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కున మెల్లగా తిప్పిన. బలం కంటే ఒత్తిడి అంతటా సమంగా ఉండుడే ముఖ్యం.

తిరిగేది మరా, జారేది పట్టీనా అనేది చేతికి తెల్వదు. అందుకని ముందే మార్కర్‌తో వెనక రింగు మీద ఒక చుక్క, దానికెదురుగా లెన్సు అంచు మీద ఒక చుక్క పెట్టుకున్న. చుక్కలు విడిపోతే మర కదిలినట్టు. విడిపోయినంక ఒకేసారి లాగకుండా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఆడించిన, ఇసుక కరకరమని రాలింది. ఫిల్టరు వచ్చినంక లెన్సును బోర్లా పట్టుకుని పొడి బ్రష్‌తో మర దులిపిన. అద్దానికి గీత కూడా పడలేదు.

కిందపడి రింగు సొట్టపోయి ఇరుక్కుంటే మాత్రం ట్యూబుతో కాదు, రిపేరు దుకాణానికే పోవాలె.

అందుకే మొదట ఇచ్చిన మెప్పును కొంచెం తగ్గించుకుంటున్న. ఇంట్లోనో తోటల్లోనో తీసేటోళ్లకు, వాడినప్పుడల్లా ఊడదీసేటోళ్లకు ఈ ఫిల్టరు ఇప్పటికీ మంచిదే. నా లెక్క కాల్వ గట్లు, క్వారీ రోడ్లు తిరిగేటోళ్లయితే కొంచెం మందం రింగు ఉన్నది చూసుకోండి. లెన్సు మర లోహానిది అయితే ఇత్తడి రింగు ఇంకా నయం, అల్యూమినియం మీద అల్యూమినియం పట్టేసినట్టు అది పట్టేయదు. నాది ప్లాస్టిక్ మర కాబట్టి ఇత్తడికి డబ్బులు పెట్టబుద్ధి కాలేదు, ఇదే వాడుతున్న.