2 జీబీ ర్యామ్ కంప్యూటర్‌లో మెయిల్: థండర్‌బర్డ్‌తో ఏడాదిన్నర

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం, చీమకుర్తిలో మా గ్రానైట్ యూనిట్ గేటు దగ్గర లోడైన లారీ నిలబడి ఉంది. చెన్నై పోర్టుకు పోవాలి. మధ్యాహ్నం వాన మొదలైనప్పటి నుంచీ నెట్ లేదు. డ్రైవర్ రెండుసార్లు వచ్చి "ఏందన్నా, కాయితాలు ఇంకా కాలేదా?" అని అడిగాడు. కొనుగోలుదారు సరిచేసి పంపిన ప్యాకింగ్ లిస్టు మెయిల్‌లో ఉంది. థండర్‌బర్డ్ తెరిస్తే అది పొద్దున్నే డిస్కులోకి దిగి ఉంది. ప్రింటు తీసి చేతిలో పెట్టాను. ఆ ఒక్క సాయంత్రంతో నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుట్టింది, ఈ రోజుకీ పోలేదు.

మా ఆఫీసు కంప్యూటర్ పాత కోర్ టూ డుయో, ర్యామ్ 2 జీబీ, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఒకప్పుడు జీమెయిల్‌ను బ్రౌజర్‌లోనే, సాదా హెచ్‌టీఎంఎల్ రూపంలో వాడేవాణ్ణి. మా మెషీన్‌కు అది సరిగ్గా సరిపోయేది. 2024 మొదట్లో ఆ రూపం ఆగిపోయింది. మామూలు రూపం తెరిచి పక్కన ఎక్సెల్ షీటు పెట్టుకుంటే, మా 2 జీబీ చాలక హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ ఉండేది. ర్యామ్ నిండి, డిస్కును ర్యామ్‌లాగా వాడుకోవడం మొదలైందనడానికి అదే గుర్తు.

థండర్‌బర్డ్‌కు మారిన మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. మూడో రోజు లైటు మళ్ళీ ఆరడం మానేసింది. నేనేమీ చేయకుండా కూర్చున్నా అంతే. షీటులో అంకె కొడితే అది గడిలో కనపడేసరికి నాలుగైదు సెకన్లు. వారం తిరక్కముందే డిస్కు నిండిందని హెచ్చరిక వచ్చింది. ఖాళీ 18 జీబీ ఉండాల్సింది, మిగిలింది ఒకటి కూడా లేదు. టెర్మినల్లో చూశాను:

```
du -sh ~/.thunderbird
```

17 జీబీ అని వచ్చింది. మా మెయిల్ పెట్టె మొత్తం కలిపినా 8 జీబీ లోపే.

రెట్టింపు ఎందుకయిందో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. జీమెయిల్‌లో నిజానికి ఫోల్డర్లు ఉండవు, లేబుళ్ళే. ఒక మెయిల్ ఒకచోటే ఉంటుంది, దానికి రెండు మూడు పేర్లు అంటించి ఉంటాయి. థండర్‌బర్డ్ సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే ఐమ్యాప్ పద్ధతిలో మాత్రం ప్రతి లేబులూ ఒక ఫోల్డర్‌గా కనపడుతుంది. కాబట్టి అదే మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఒకసారి, `All Mail`లో మరోసారి, ముఖ్యమైనదని గుర్తు పడితే `Important`లో ఇంకోసారి దిగుతుంది. మాకు వచ్చేవన్నీ పలకల ఫోటోలు, ఒక్కో మెయిల్ పది పన్నెండు ఎంబీలు. పైగా వెతుకులాట కోసం ప్రతి మెయిల్‌నూ చదివి సూచిక తయారుచేసే పని వెనకాల నడుస్తూనే ఉంది. ఇవేవీ ముందుగా చూసుకోకుండా ఖాతా జతచేసింది నేనే.

సరిచేసుకున్న వరుస ఇది. జీమెయిల్ సెట్టింగుల్లో `Labels` కింద `All Mail`, `Important` పక్కనున్న `Show in IMAP` టిక్కు తీసేశాను. థండర్‌బర్డ్‌లో ఖాతా సెట్టింగుల్లోని `Synchronization & Storage`కు పోయి ఇటీవలి 90 రోజుల మెయిలే డిస్కులో ఉంచమన్నాను. జనరల్ సెట్టింగుల్లో `Enable Global Search and Indexer` ఆపాను. తర్వాత థండర్‌బర్డ్ పూర్తిగా మూసి, ప్రొఫైల్లో `ImapMail` లోపల మిగిలిన `All Mail` ఫైలును తుడిచేశాను. ఇక్కడ జాగ్రత్త: తుడవాల్సింది డిస్కు మీది ఫైలునే. థండర్‌బర్డ్ లోపల మెయిళ్ళు ఎంచి డిలీట్ కొడితే సర్వర్లోవి కూడా పోతాయి. చివర్లో ఇన్‌బాక్స్ మీద కుడి నొక్కు నొక్కి `Compact` చేశాను. అది చేస్తేనే తీసేసిన మెయిళ్ళ జాగా నిజంగా ఖాళీ అవుతుంది. ప్రొఫైల్ 2 జీబీ లోపుకు దిగింది, లైటు ఆరింది.

పాత ఆర్డర్ల మెయిల్ కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నొక్కి `Run search on server` టిక్కు పెట్టి వెతుకుతాను. దానికి నెట్ ఉండాలి. 90 రోజులు దాటినవి వానాకాలంలో నాకూ అందవు.

ఇది తేలిక అని మొదట్లో అందరికీ చెప్పాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మా మెషీన్‌లో థండర్‌బర్డ్ ఒక్కటే 300 నుంచి 400 ఎంబీ తింటుంది. బ్రౌజర్ మూసి ఉన్నప్పుడే దాని లాభం. జీఎస్టీ రిటర్న్ వేసే రోజున బ్రౌజర్ ఎలాగూ తెరవాలి. రెండూ తెరిస్తే, ఒకే బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌లో మెయిల్ పెట్టుకున్న దానికంటే ఎక్కువ బరువు. అందుకే ఆ రోజుల్లో థండర్‌బర్డ్ మూసేసి వెబ్‌మెయిలే వాడుతున్నాను.

నాకు పొద్దున రెండు గంటలు మెయిల్ పని, తర్వాత షీట్లు, నెలకు నాలుగైదు రోజులు పోర్టల్ పని. ఆ లెక్కకు థండర్‌బర్డ్ కుదిరింది. ఒంగోలులో మా ఆడిటర్ ఆఫీసు కంప్యూటర్ కూడా ఇంత పాతదే, కానీ వాళ్ళకు రోజంతా బ్రౌజర్ తెరిచే ఉంటుంది. పెట్టమని అడిగితే వద్దన్నాను.