ల్యాబ్‌కి రెండు మామూలు స్విచ్‌లా, ఒక మేనేజ్డ్ స్విచ్చా?

గుంటూరు బ్రాడీపేటలో ఒక స్కూలు ల్యాబ్‌లో పిల్లల కంప్యూటర్లు 18, టీచర్లవి 4, ఒక ప్రింటర్ ఉన్నాయి. హెడ్‌మాస్టర్ గారు అడిగింది ఒకటే: "పిల్లలు మా ప్రశ్నపత్రాల ఫోల్డర్‌లోకి రాకూడదండీ. రెండు మామూలు స్విచ్‌లు తెచ్చి విడివిడిగా పెడితే సరిపోదా?"

ఆ రెండింటినీ ఒకే రూటర్‌కి మామూలు పోర్టుల్లో గుచ్చితే సరిపోదు, ఎందుకంటే అంతా ఒకే నెట్‌వర్క్ అయిపోతుంది. రెండు వేరు నెట్‌వర్క్‌లు ఇచ్చే రూటర్ ఉంటే మామూలు స్విచ్‌లూ పనిచేస్తాయి, కానీ సెట్టింగులతో ఒకే స్విచ్‌ని రెండుగా విడగొట్టగలిగే మేనేజ్డ్ స్విచ్‌కి కూడా ఆ రూటర్ కావలసిందే, కాబట్టి ఖర్చు సంగతికొస్తే మిగిలేది స్విచ్‌ల ధరలో తేడా మాత్రమే. ఇంటర్నెట్ వాళ్లిచ్చే డబ్బా చాలావరకు ఈ పనికి రాదు.

నేను 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ పెట్టాను. VLAN అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్. 1 నుంచి 18 వరకు పోర్టులు పిల్లలకు VLAN 10, 19 నుంచి 23 వరకు టీచర్లకూ ప్రింటర్‌కూ VLAN 20, 24వ పోర్టులో రెండూ ట్యాగ్డ్‌గా, అంటే ఏది ఏ VLANదో గుర్తుతో, రూటర్‌కి. అంతా అయిందనుకుంటే పిల్లల కంప్యూటర్లలో ఒక్కదానికీ నెట్ రాలేదు. `ipconfig` కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్, అంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఏమీ అందలేదని. పోర్టుల్ని VLAN 10లో చేర్చాను గానీ పోర్టులోకి వచ్చేది ఏ VLANలోకి వెళ్లాలో చెప్పే PVIDని, అది సెట్టింగుల్లో ఇంకో పేజీలో ఉంటుంది, 1గానే వదిలేశాను, కాబట్టి కంప్యూటర్ అడిగినదంతా VLAN 1లోకి పోయి అక్కడ జవాబిచ్చేవాళ్లు లేక ఆగిపోయింది. PVID 10 చేసి, సేవ్ కూడా నొక్కాలి. కొన్ని స్విచ్‌లలో అది మర్చిపోతే కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ మొదటికే.

ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. VLAN విడదీస్తుంది, కానీ రెండు నెట్‌వర్క్‌ల మధ్య దారి రూటరే, దానికి వద్దని చెప్పకపోతే అది మామూలుగా దారిచ్చేస్తుంది. VLAN 10 నుంచి VLAN 20కి కొత్త కనెక్షన్ ఆపే రూలు రూటర్‌లో పెట్టాలి. పింగ్ ఆగిందని నమ్మకండి, విండోస్ ఫైర్‌వాలే దాన్ని ఆపి ఉండొచ్చు. అసలు ఆపాల్సింది ఫోల్డర్‌నే కాబట్టి పిల్లల కంప్యూటర్ దగ్గర కూర్చుని, టీచర్ కంప్యూటర్ అడ్రస్ కొట్టి ఫోల్డర్‌ని తెరిచి చూడండి, అది తెరుచుకోకూడదు:

```
\\192.168.20.5
```

మేనేజ్డ్ స్విచ్‌కి ఓ లోపముంది, అది పోతే ల్యాబ్ మొత్తం ఆగుతుంది. రెండు స్విచ్‌లుంటే ఒక భాగమైనా నడుస్తుంది. అయినా నా ఓటు మేనేజ్డ్‌కే, ఎందుకంటే ఏ కుర్రాడో ఒక కేబుల్ రెండు కొసలూ మామూలు స్విచ్‌కే గుచ్చాడంటే లైట్లన్నీ ఒక్కసారిగా గబగబా మెరుస్తూ ఆ స్విచ్ మీదున్న కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, లూప్ రక్షణ ఆన్ చేసిన మేనేజ్డ్ స్విచ్ అయితే ఆ పోర్టు వరకే మూసేస్తుంది. పైగా రేపు 7వ సీటు టీచర్‌కి ఇవ్వాలన్నా కేబుల్ కదపక్కర్లేదు, ఆ పోర్టు VLAN, PVID సెట్టింగులు మారిస్తే చాలు. స్కూల్లో ఆ సెట్టింగుల పేజీ తెరవగలిగే మనిషి ఒక్కరూ లేకపోతే మాత్రం రెండు నెట్‌వర్క్‌లు ఇచ్చే రూటర్‌తో రెండు మామూలు స్విచ్‌లే మేలు.