సర్టిఫికేషన్ వచ్చిందని చెప్పడం: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష పాసైన మా సహోద్యోగి, లింక్డ్‌ఇన్‌లో పెట్టడానికి రెండు ముసాయిదాలు రాసి, ఏది బాగుందో చెప్పమన్నారు.

మొదటిది: «ఈ గుర్తింపుకు నేను తగినవాణ్ణో కాదో తెలియదు గానీ, ఆఫీసు పనుల మధ్య రెండు నెలల్లోనే ఇంత కఠినమైన పరీక్ష గట్టెక్కినందుకు వినమ్రంగా సంతోషిస్తున్నాను.»

రెండోది: «ఈ వారం ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష పాసయ్యాను. చదువుతుండగా నా పొరపాటు ఒకటి బయటపడింది. రిపోర్టుల వల్ల డేటాబేస్ నెమ్మదిస్తే మల్టీ ఏజెడ్ ఆన్ చేస్తే చాలనుకునేవాణ్ణి. ఒకే స్టాండ్‌బై ఉన్న అమరికలో అది ప్రధాన డేటాబేస్ పడిపోయినప్పుడు ఆదుకోవడానికే తప్ప క్వెరీలు తీసుకోదు. ఆ భారం పంచుకోవడానికి రీడ్ రెప్లికా కావాలి.»

మొదటిదానిలో వినయం పైపూత మాత్రమే; «రెండు నెలల్లోనే», «ఇంత కఠినమైన» అన్న మాటలు అసలు ఉద్దేశాన్ని పట్టిచ్చేస్తాయి. ఇలా వినయం ముసుగులో చెప్పుకునే గొప్పపై సెజర్, జీనో, నార్టన్ 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, సూటిగా గొప్ప చెప్పుకున్నవారి కంటే ఇలా చెప్పుకున్నవారినే జనం తక్కువగా ఇష్టపడ్డారని, కారణం వారిలో నిజాయితీ కనిపించకపోవడమేనని తేలింది. కాబట్టి «పాసయ్యాను, సంతోషంగా ఉంది» అని ఊరుకున్నా దీనికంటే నయమే.

రెండోదానిలో తన గురించిన వార్త ఒక్క వాక్యంతో ముగిసి, మిగతాదంతా చదివేవారికి పనికొచ్చే విషయమైంది. అయితే ఫీడ్‌లో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి కనుక పరీక్ష పేరు మొదటి వాక్యంలోనే ఉండాలి. ఒప్పుకునే పొరపాటు నిజమైనదై ఉండాలి. కల్పించిన పొరపాటును ఆ పని తెలిసినవారు ఇట్టే పసిగడతారు. స్కోరు రాయాలా అని ఆయన అడిగితే వద్దన్నాను. పాస్ కావడానికి 1000కి 720 కావాలి, కానీ 65 ప్రశ్నల్లో 15 లెక్కలోకే రావు, పైగా అది స్కేలు చేసిన అంకె కాబట్టి 850 వచ్చిందంటే 85 శాతం సరిగ్గా రాశారని అర్థం కాదు. పైగా అది అసోసియేట్ స్థాయి పరీక్ష కనుక «నిపుణుణ్ణి» అన్న మాట కూడా నప్పదు.

మూడో పద్ధతి, పోస్టే పెట్టకుండా ప్రొఫైల్‌లోని సర్టిఫికేషన్ల విభాగంలో చేర్చి, నెట్‌వర్క్‌కు తెలియజేసే మీటను ఆపేసి, క్రెడ్లీ బ్యాడ్జి లింకు జతచేయడం. ప్రస్తుత సంస్థకు తెలియకుండా ఉద్యోగం వెతుక్కునేవారికి ఇదే మేలు. ఈ సర్టిఫికేషన్ 3 ఏళ్లే చెల్లుతుంది కాబట్టి, దాన్ని పునరుద్ధరించుకున్నప్పుడూ ఇదే చాలు. ఆ వార్తకు పోస్టు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఆయన రెండోదే పెట్టారు. కింద అభినందనలతో పాటు, రీడ్ రెప్లికాలో డేటా ఆలస్యంగా చేరితే రిపోర్టులో పాత లెక్కలు కనిపించవా అని ఒకరు అడిగారు, ఆ చర్చ రెండు రోజులు నడిచింది.