స్టాప్‌వాచ్‌తో ఐదేళ్లు: నిమిషాలు సరే, గంటలే ఏడిపించాయి

వేర్‌హౌస్ ప్యాకింగ్ విభాగానికి ఏ వారం ఎంతమంది కావాలో తేల్చే పని నా మీద పడి ఐదేళ్లయింది. అంతకుముందు ఆ లెక్క "పోయిన వారం నలుగురు ఉన్నారు, ఈసారి ఇంకొకరు ఉంటే మంచిదేమో" అన్న తీరులో నడిచేది. నేను పని జరుగుతుంటే వాచీతో కొలిచే టైమ్ అండ్ మోషన్ స్టడీ చేసి, ఒక్కో పనికి ప్రామాణిక నిమిషాలు కట్టి, వాటిని వారం గంటలుగా మార్చి రోస్టర్ వేయడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లు వాడాక చెప్పగలిగింది ఇది: వాచీ పట్టుకుని నిమిషాలు తేల్చడం ఓపికతో అయ్యే పని. వాటిని గంటలుగా మార్చేటప్పుడే నేను ఎక్కువ దెబ్బలు తిన్నాను.

ముందు కొలత సంగతి. మా టేబుల్ దగ్గర పని ఇలా సాగుతుంది. సరుకున్న ట్రే ముందుకు లాక్కుని ఆర్డరు స్కాన్ చేస్తారు. అట్టపెట్టె మడిచి నిలబెడతారు. వస్తువులు ఒక్కొక్కటే స్కాన్ చేసి లోపల పెడతారు. సందుల్లో కాగితం కుక్కి, టేపు వేసి, లేబుల్ అంటించి బెల్టు మీదికి తోస్తారు. దీన్ని ముక్కలుగా విడగొట్టినప్పుడు ప్రతి ముక్కా ఎక్కడ ముగుస్తుందో కళ్లకో చెవులకో స్పష్టంగా తెలియాలి. నాకు బాగా పనికొచ్చిన గుర్తులు రెండు: స్కానర్ బీప్, టేపు తెగిన చప్పుడు. వాచీని మధ్యలో ఆపకుండా నడవనిచ్చి, ప్రతి గుర్తు దగ్గరా అంకె రాసుకుని, తీసివేతలు తర్వాత చేసుకుంటాను. ప్రతిసారీ సున్నాకి తిప్పితే మధ్యలో జరిగిన చిన్నాచితకా పనులు, అంటే కింద పడ్డ పెన్ను తీయడం, పక్కవాళ్లకి జవాబు చెప్పడం లాంటివి, లెక్కలోంచి జారిపోతాయి. సెకన్ల బదులు నిమిషాన్ని వంద భాగాలు చేసే వాచీ తీసుకుంటే కూడికలు తేలిక.

మొదటి రోజు కొలతలన్నీ పారేశాను. అనుభవమున్న ప్యాకర్ ఒకాయన మొహమాటం లేకుండా చెప్పాడు: "అన్నా, మీరు వాచీ పట్టుకుని నిలబడితే నా చేతులు నా మాట వినవు." కొందరు కంగారుతో వేగం పెంచారు, ఇంకొందరు కావాలనే నెమ్మదించారు. ఇది కొత్త గొడవేం కాదు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివాళ్లు స్టాప్‌వాచ్ కొలతల మీదే సమ్మెకి దిగారు. అందుకే ఎందుకు కొలుస్తున్నానో ముందే చెప్పి, రాసుకున్న కాగితం ఎవరిది వాళ్లకే చూపించడం అలవాటు చేసుకున్నాను. రెండో రోజు నుంచి అంకెలు కుదురుకున్నాయి.

అసలు నేర్పు రేటింగులో ఉంది. చూస్తున్న మనిషి మామూలు వేగం కంటే ఎక్కువగా చేస్తున్నాడా, తక్కువగానా అన్నది అంచనా వేసి, మామూలు వేగాన్ని 100 అనుకుని ఒక అంకె ఇవ్వాలి. చూసిన సమయాన్ని ఆ శాతంతో గుణిస్తే ఎవరు చేసినా ఒకేలా ఉండాల్సిన మూల సమయం వస్తుంది. ఈ "ఒకేలా ఉండాల్సిన" అన్న మాటే నా తప్పు పట్టించింది. పెట్టె పని మొత్తానికి చురుకైన ఒకామెకి సగటున 1.32 నిమిషాలు పట్టింది, నేను 115 ఇచ్చాను, 1.52 వచ్చింది. నిదానంగా చేసే ఇంకొకాయనకి 1.83 పట్టింది, 95 ఇచ్చాను, 1.74 వచ్చింది. పని ఒకటే, పెట్టె ఒకటే, రెండు అంకెలకీ పొత్తు లేదు. నేను చురుకైన మనిషికి జంకుతూ తక్కువ ఇచ్చాను, నిదానస్తుడికి జాలిపడి ఎక్కువ ఇచ్చాను. కొత్తగా కొలిచేవాళ్లలో చాలామందికి కనిపించే జబ్బే ఇది. అనుభవమున్న ఇంకొకరిని పక్కన పెట్టుకుని, ఇద్దరం విడివిడిగా రేటింగ్ రాసి పోల్చుకుంటూ రెండు వారాలు సాధన చేశాక 125, 90 అని తేలాయి. అప్పుడు రెండూ 1.65 దగ్గరికి వచ్చి ఆగాయి. ఇప్పటికీ ప్రతి స్టడీలో నేను మొదట చూసేది ఇదే. నెమ్మదిగా చేసేవాళ్ల మూల సమయం ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంటే తప్పు వాళ్లలో లేదు, నా కంట్లో ఉంది.

అలా పెట్టె ఒక్కింటికి 1.65, వస్తువు ఒక్కింటికి 0.44 నిమిషాలు మూల సమయం తేలింది. దీనికి అలవెన్సు, అంటే విశ్రాంతికీ సొంత అవసరాలకీ వదిలే సమయం, కలపాలి. సొంత అవసరాలకి 5, అలసటకి 4 శాతం అన్నది చాలామంది మొదలుపెట్టే చోటు. రోజంతా నిలబడి, కొంచెం వంగి చేసే పని కాబట్టి నేను మొత్తం 12 శాతం పెట్టాను. ప్రామాణిక సమయం పెట్టెకి 1.85, వస్తువుకి 0.49 అయింది.

ఇక్కడే మొదటి గోతిలో పడ్డాను. అప్పట్లో ఆర్డరుకి సగటున రెండు వస్తువులు ఉండేవి. పనిలో పనిగా రెండూ కలిపేసి "ఆర్డరుకి 2.83 నిమిషాలు" అని ఒకే అంకె రాసిపెట్టాను. చూడ్డానికి బాగుంది, పైవాళ్లకి చెప్పడానికి ఇంకా బాగుంది. వారానికి 2,400 ఆర్డర్లకి 113 గంటలు. నెలల తరబడి సరిపోయింది కూడా. ఆ తర్వాత డిస్కౌంట్ల సీజన్ వచ్చింది. ఆర్డర్లు అవే 2,400, కానీ ఆర్డరుకి వస్తువులు మూడున్నర అయ్యాయి. విడివిడిగా లెక్కపెడితే 8,400 వస్తువులకి 4,116 నిమిషాలు, పెట్టెలకి 4,440, మొత్తం దాదాపు 143 గంటలు. నా షీటు మాత్రం అదే 113 చూపిస్తూ కూర్చుంది. ముప్పై గంటల తేడా! ఆ వారం టెన్షన్ ఎంతని చెప్పను, పనివాళ్లు నెమ్మదించారని ఒక మీటింగులో అనేశాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇంకో మీటింగు పట్టింది. ఏ అంకెతో పాటు పని పెరుగుతుందో ఆ అంకెకే నిమిషాలు కట్టాలి. పెట్టె పని పెట్టెలతో, వస్తువు పని వస్తువులతో. ఈ రెండూ ఎప్పుడూ ఒకే పాళ్లలో పెరుగుతాయన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు నా వారం లెక్క ఇలా ఉంటుంది. మామూలు వారం తీసుకుందాం: 2,400 ఆర్డర్లు, 4,800 వస్తువులు. ట్రేలో సరుకుకీ ఆర్డరుకీ పొంతన లేక ఆగిపోయేవి 72 దాకా ఉంటాయి. వాటిని సరిచేసే పనికి ఒక్కోదానికి అదనంగా 6 నిమిషాల ప్రామాణిక సమయం. ఇవి కాక, ఆర్డర్లు ఎన్ని వచ్చినా మారని పనులున్నాయి: అట్టలు, టేపులు నింపడం, టేబుళ్లు శుభ్రం చేయడం, షిఫ్ట్ అప్పగింత. వాటికి వారానికి 9 గంటలు. షీటులో B2లో ఆర్డర్లు, B3లో వస్తువులు, B4లో ఆగినవి ఉంటాయి, మొదటి సూత్రం C5 గడిలో, రెండోది C6లో:

```
=(B2*1.85+B3*0.49+B4*6)/60+9
=C5/(1-0.14)
```

మొదటి సూత్రం 129.4 గంటలు ఇస్తుంది. ఇవి టేబుల్ దగ్గర నిజంగా మనుషులు ఉండాల్సిన గంటలు. రెండోది సెలవులు, అనారోగ్యం, శిక్షణ కలిపి మన దగ్గర జీతం పడి, టేబుల్ దగ్గర ఉండని 14 శాతాన్ని కలుపుతుంది. 150.5 గంటలు వస్తాయి. మనిషికి వారానికి 40 గంటలనుకుంటే నలుగురికి కొంచెం తక్కువ.

ఈ 14 శాతం దగ్గర రెండు పొరపాట్లు చేశాను. ఒకటి, 0.86తో భాగించడానికి బదులు 1.14తో గుణించడం. ఆ 14 శాతం పోయేది జీతం పడే మొత్తం గంటల్లోంచి కాబట్టి భాగించాలి. గుణిస్తే వచ్చేది 147.5, మూడు గంటలు తక్కువ. చిన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ ప్రతి వారం అటువైపే పడుతుంది. రెండోది ఇంకా అమాయకమైనది. నిర్ణీత విరామాలని కూడా ఆ శాతంలో చేర్చాను. అలసట విశ్రాంతి 12 శాతం అలవెన్సులోనే ఉందని, మాకు ఇచ్చే చిన్న విరామాలు దాని కిందకే వస్తాయని మర్చిపోయాను. ఒకే విశ్రాంతికి రెండుసార్లు గంటలు కేటాయించాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకు చేస్తారు? ఖాళీగా గడిచిన మధ్యాహ్నాలు చూసి నేనే వెతికి పట్టుకున్నాను.

వారం మొత్తం సరిపోయినా రోజు సరిపోదన్నది ఈ పద్ధతి తనంతట తాను చెప్పదు. మాకు శని, ఆదివారాలు పోగుపడిన ఆర్డర్లు సోమవారం వచ్చి మీద పడతాయి, ఒక్క రోజే 700. ఆర్డరుకి రెండు వస్తువులే అనుకుంటే 2.83 చొప్పున 33 గంటల ప్యాకింగ్. ఆ రోజు నలుగురు ఏడున్నర గంటల చొప్పున ఉంటే వచ్చేవి 30. గురువారం 250 ఆర్డర్లే వస్తాయి, 12 గంటల పని కూడా లేదు. వారం గంటలు పక్కాగా ఉన్నా సోమవారం రాత్రి పెట్టెలు మిగిలిపోయేవి, గురువారం ముగ్గురు గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు అదే సూత్రాన్ని చివరి 9 తీసేసి రోజువారీ అంకెలతో నడిపి, అట్టలు సర్దడం లాంటి మారని పనుల్ని గురువారానికి తోసేస్తున్నాను. ఒకరి షిఫ్ట్ సోమవారానికి మార్చాం, అదీ ఆయనకి ఇష్టమయ్యాకే.

ఇంకో అనుభవం చెప్పాలి. ప్రతి వారం చివర, చేసిన పనికి లెక్క ప్రకారం రావలసిన గంటల్ని నిజంగా పట్టిన గంటలతో భాగించి చూస్తాను. ఒకసారి వరుసగా ఆరు వారాలు 108 శాతం వచ్చింది. పనివాళ్లు బాగా రాటుదేలారని నేను మురిసిపోతుంటే, అవతల పగిలిన వస్తువుల ఫిర్యాదులు పెరుగుతున్నాయి. వెళ్లి చూస్తే సందుల్లో కాగితం కుక్కడం దాదాపు మానేశారు. కాగితం రోల్ ఉండే స్టాండు ఎవరో రెండడుగులు వెనక్కి జరిపారు, చేయి అందడం లేదు. అంతే. స్టాండు ముందుకు జరిపాక శాతం మళ్లీ వంద దగ్గరికి దిగింది. అప్పటి నుంచి నూటికి ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా వరుసగా ఒకేవైపు జరుగుతుంటే ముందు టేబుల్ దగ్గరికి వెళ్లి నిలబడతాను, షీటు తర్వాత.

ఇంత చెప్పినా దీన్ని అన్నింటికీ వాడను. పక్కనే ఉన్న రిటర్న్స్ టేబుల్‌లో రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. అక్కడ ఒక పెట్టె రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఇంకోటి పరీక్షించి, ఫొటోలు తీసి, ఫోన్లు చేసేసరికి ఇరవై ఐదు నిమిషాలు. సగటు తీస్తే తొమ్మిది వచ్చింది, కానీ తొమ్మిది నిమిషాలు పట్టిన పెట్టె ఒక్కటీ నాకు కనిపించలేదు. తేలికవీ చిక్కువీ ముందే విడదీయగలిగితే రెండు అంకెలు కట్టొచ్చు, కానీ పెట్టె విప్పితే గానీ ఏది ఏదో తెలియదు. అక్కడ ఇప్పటికీ గడిచిన ఎనిమిది వారాల గంటలు చూసే మనుషుల్ని వేస్తున్నాను.