అన్నం మాన్పించే ‘కొవ్వు కరిగించే ప్లాన్’కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

విజయవాడలో బరువు తగ్గించే ఆహార ప్రణాళికలు కొనాలనుకుంటున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ఒక జిమ్‌లో మూడు నెలల ప్రణాళికకు నేను 12,000 రూపాయలు కట్టాను. రసీదు మీద ‘వ్యక్తిగత ప్లాన్’ అని రాసి ఉంది. అదే జిమ్‌లో నాతో చేరిన మరో ఇద్దరి కాగితాలు పక్కన పెట్టి చూస్తే పేరు, బరువు తప్ప మూడింటిలోనూ తేడా లేదు. ఆ జిమ్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో అమ్మేవారు ఊళ్లో ఇంకా ఉన్నారు.

నా బరువు అప్పుడు 82 కిలోలు. వారానికి నాలుగు రోజులు బరువులతో వ్యాయామం చేస్తాను. వాళ్లిచ్చిన లెక్క ప్రకారం రోజుకు సుమారు 1900 కేలరీలు, 140 గ్రాముల ప్రొటీన్, 40 గ్రాముల పిండిపదార్థాలు, 130 గ్రాముల కొవ్వు. నా ఖర్చు రోజుకు 2400 కేలరీల దగ్గర ఉంటుంది కాబట్టి 500 లోటు సరైనదే, ప్రొటీన్ కూడా సరిపోయింది. తప్పంతా మిగిలిన కేలరీలను పంచిన తీరులో ఉంది. అన్నం, ఇడ్లీ, అరటిపండు పూర్తిగా పోయి వాటి స్థానంలో పనీరు, వెన్న, కొబ్బరినూనె వచ్చాయి. నేను ఏం ఇష్టంగా తింటానో, ఏ వ్యాయామం ఎన్ని సెట్లు చేస్తానో ఎవరూ అడగలేదు.

మొదటి పది రోజుల్లో 3.2 కిలోలు తగ్గాను. ఆ అంకెను జిమ్ వాళ్లు తమ ప్రచార ఫొటో మీద కూడా వేసుకున్నారు. అయితే అందులో అధిక భాగం నీరేనని నాకు తరువాత తెలిసింది. పిండిపదార్థాలు మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటాయి, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు చేరి ఉంటుంది. అన్నం మానేసిన వారంలో ఆ నిల్వ తరిగి, దానితోపాటు నీరూ పోతుంది. ఒక ఆదివారం పెళ్లి భోజనంలో బిరియానీ తిన్నాక మరునాటి ఉదయం తూకం 1.6 కిలోలు పెరిగింది. కోచ్ దానిని కొవ్వుగా చూపించి నన్ను మందలించారు. ఒక్క రాత్రిలో అంత కొవ్వు పట్టాలంటే 12,000 కేలరీలకు పైగా అదనంగా తినాలి, అది జరిగే పని కాదు.

నష్టం జిమ్‌లో కనిపించింది. 80 కిలోలతో స్క్వాట్ ఎనిమిదేసి చొప్పున ఐదు సెట్లు చేసేవాడిని. నాలుగో వారానికి మొదటి సెట్ ఎప్పటిలాగే పూర్తయ్యేది, మూడో సెట్‌లో ఆరు, ఐదో సెట్‌లో నాలుగు వచ్చేవి. కారణం తెలిసేది ఈ తేడాలోనే కాబట్టి దీనిని జాగ్రత్తగా గమనించండి. ఎక్కువసార్లు, తక్కువ విరామంతో చేసే గట్టి సెట్లకు ప్రధాన ఇంధనం గ్లైకోజెన్, అది తక్కువగా ఉన్నప్పుడు మొదట దెబ్బతినేవి చివరి సెట్లు. అలా కాక మొదటి సెట్ నుంచే బలం పడిపోయి, నిద్ర కూడా చెడితే, లోటు మరీ పెద్దదిగా ఉందేమో, విశ్రాంతి చాలడం లేదేమో ముందు చూసుకోవాలి. అన్నం పెంచితే ఆ సమస్య తీరదు.

ఈ సంగతి చెప్పినప్పుడు కోచ్ ఇచ్చిన సమాధానం ఇది: “అన్నం తింటే ఇన్సులిన్ పెరుగుతుంది సార్, కొవ్వు కరగడం ఆగిపోతుంది. ఓపిక పట్టండి.” ఇందులో సగమే నిజం ఉంది. పిండిపదార్థాలు తగ్గిస్తే శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది, నిజమే. కానీ మనం తినే కొవ్వు కూడా 130 గ్రాములు అవుతున్నప్పుడు, వాడుకునేదానిలో చాలా భాగం ఆ వెన్న, నూనెలదే. పొట్టలోని కొవ్వు నిల్వ ఎంత తరుగుతుందన్నది మొత్తం లోటు మీద ఆధారపడుతుంది. 2018లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువగా, మరొక జట్టుకు పిండిపదార్థాలు తక్కువగా ఉండే భోజనం ఏడాదిపాటు సూచించారు. సగటున మొదటి జట్టు 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి, ఆ తేడా లెక్కలోకి తీసుకోదగినది కాదని వారే తేల్చారు.

కాబట్టి ఆరు వారాల తరువాత అవే 1900 కేలరీలను నేనే మళ్లీ పంచుకున్నాను. ప్రొటీన్ 140 గ్రాములకు 560 కేలరీలు పోయాయి. కొవ్వును 55 గ్రాములకు తెచ్చాను, అది కిలో బరువుకు 0.67 గ్రాములు. దీర్ఘకాలం 0.5 కంటే దిగువకు వెళ్లడం మంచిది కాదు కాబట్టి అక్కడే ఆపాను. దానికి 495 కేలరీలు. పిండిపదార్థాలు గ్రాముకు నాలుగు కేలరీలు ఇస్తాయి కాబట్టి మిగిలిన 845ను నాలుగుతో భాగిస్తే 211 గ్రాముల పిండిపదార్థాలు వచ్చాయి. రెండు పూటలకూ కలిపి 150 గ్రాముల బియ్యం వండుకుంటే సుమారు 118 గ్రాములు అక్కడే వస్తాయి. వ్యాయామానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు పెట్టుకున్నాను. మిగిలినది పప్పు, పెరుగు, కూరలతో నిండింది. బియ్యాన్ని వండక ముందే తూచాలి. ఉడికిన అన్నంలో నీరు వంటను బట్టి మారుతుంది, అందువల్ల ఆ తూకంతో లెక్క తప్పుతుంది.

మొదటి వారం తూకం 1.5 కిలోలు పెరిగింది. అది తిరిగి వచ్చిన నీరని ముందే తెలుసు కాబట్టి తూకంతోపాటు బొడ్డు దగ్గర నడుము కొలత రాసుకున్నాను, అది పెరగలేదు. ఆ తరువాత వారానికి దాదాపు 400 గ్రాముల చొప్పున తగ్గుతూ వచ్చాను, మూడో వారానికి ఐదు సెట్లూ ఎనిమిదేసి పూర్తయ్యాయి. రాత్రి పప్పన్నంలో కొద్దిగా నెయ్యి వేసుకుని తినగలుగుతున్నాను గనుక ఆదివారాల్లో అదుపు తప్పడం కూడా ఆగింది.

పిండిపదార్థాలు తగ్గించడమే తప్పని నేను అనడం లేదు. గుంటూరులో ఉండే మా బావకు అన్నం మీద ఆసక్తి తక్కువ. గుడ్లు, చేపలు, వేరుశనగలు ఇష్టం, వ్యాయామం ఉదయపు నడక, వారానికి రెండుసార్లు కొద్దిపాటి బరువులు. అతనికి 80 గ్రాముల పిండిపదార్థాలతో ఆకలి అదుపులో ఉంటోంది, అంత తక్కువ సెట్లకు ఇంధనం కొరత కూడా రాదు. నా లెక్క అతనికి ఇస్తే అది కూడా తప్పుడు ప్లానే అవుతుంది.

డబ్బు కట్టేముందు, మీరు రోజూ తినేవి, వారంలో చేసే సెట్లు రాసిచ్చి, వాటిని బట్టి పంపకం ఎలా మారుతుందో చూపించమని అడగండి. రెండు వారాల తరువాత చివరి సెట్లు పడిపోతే ఏ అంకె మారుస్తారో కూడా అడగండి. నేను అడిగి ఉంటే వారి దగ్గర సమాధానం లేదని ఆ రోజే తెలిసేది. మధుమేహానికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు మరింత జాగ్రత్తపడాలి. ఇన్సులిన్ మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగే ముప్పు ఉంది. ఇది వైద్యునితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడని పని. నేను సంతకం చేసిన రెండు పేజీల దరఖాస్తులో ఎత్తు, బరువు, ఫోన్ నంబరు, చెల్లింపు విధానం అడిగారు, మందుల గురించి ఒక్క గడి కూడా లేదు.